వెనిగర్ సీసా మీద శాతం కాదు, వెనకవైపు చిన్నక్షరాలు చదవండి: సింథటిక్, బ్రూడ్ తేడా ఎలా పట్టాలి

4 శాతం అని రాసి ఉంటే సింథటిక్, 5 శాతం అని ఉంటే అసలైన పులిసిన వెనిగర్ అని చాలామంది అనుకుంటారు. ఈ లెక్కతో కొంటే సగం సార్లు తప్పే కొంటారు. ఆ శాతం చెప్పేది ఒక్కటే, సీసాలో యాసిడ్ ఎంత ఉందో. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో, పులిసి వచ్చిందో ఫ్యాక్టరీ డ్రమ్ములోంచి వచ్చిందో, ఆ అంకె చెప్పదు, చెప్పలేదు కూడా. మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం బ్రూడ్ వెనిగర్‌కైనా సింథటిక్ వెనిగర్‌కైనా ఆమ్లత 3.75 శాతానికి తగ్గకూడదు, రెండింటికీ అదే గీత. అందుకే అల్మారాలో రెండు రకాలూ పక్కపక్కనే 4 శాతంతో కనిపిస్తాయి.

ముందు రెండింటికీ తేడా ఏంటో రెండు ముక్కల్లో. బ్రూడ్ అంటే చెరకు రసమో, మొలాసిసో, మాల్టో, ఆపిల్ రసమో, ఏదో ఒక తీపి పదార్థాన్ని ఈస్ట్‌తో పులియబెడితే ఆల్కహాల్ అవుతుంది, ఆ ఆల్కహాల్‌కి గాలి తగిలేలా చేసి అసిటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాని వదిలితే అది అసిటిక్ యాసిడ్ అవుతుంది. సింథటిక్ అంటే విడిగా రసాయన పద్ధతిలో తయారైన గాఢమైన అసిటిక్ యాసిడ్‌ని (ప్రపంచంలో ఎక్కువ భాగం మిథనాల్, కార్బన్ మోనాక్సైడ్ కలిపి తయారుచేస్తారు) నీళ్లలో కలిపి 4 శాతానికి దించి సీసాలో పోయడం. యాసిడ్ మాత్రం రెండు చోట్లా ఒకటే, అణువులో తేడా ఏమీ ఉండదు. తేడా అంతా ఆ యాసిడ్‌తో పాటు వచ్చే మిగతావాటిలో ఉంటుంది. పులిసినదాంట్లో ముడిసరుకు తాలూకు రుచి, రంగు, కొద్దిగా ఖనిజాలు, రకరకాల వాసన పదార్థాలు మిగులుతాయి. నీళ్లు కలిపినదాంట్లో నీళ్లు, యాసిడ్, అంతే. మహా అయితే రంగు కోసం కారమెల్.

సింథటిక్ అంటే విషం అని ఫోన్లలో తిరిగే మెసేజ్‌లని పట్టించుకోనక్కర్లేదు. ఆహారానికి పనికొచ్చే గ్రేడ్ యాసిడ్‌తో చేసి, ఉన్నదున్నట్టు లేబుల్ వేసి అమ్మితే అది చట్టబద్ధమైన ఆహార పదార్థమే. గొడవల్లా, సింథటిక్ కొంటూ బ్రూడ్ కొన్నామనుకోవడం దగ్గర, లేదా బ్రూడ్ ధర పెట్టి సింథటిక్ ఇంటికి తెచ్చుకోవడం దగ్గర.

ఇక లేబుల్ సంగతి. సీసా ముందువైపు ఉండే పేరుని నేనైతే అసలు లెక్కలోకి తీసుకోను. 'వైట్ వెనిగర్' అన్నది రంగు పేరు, తయారీ పేరు కాదు. పులియబెట్టిన స్పిరిట్ వెనిగర్ కూడా నీళ్లలా తెల్లగానే ఉంటుంది, సింథటిక్ కూడా తెల్లగానే ఉంటుంది. అలాగే 'ప్యూర్', 'ప్రీమియం', 'కిచెన్', 'చెఫ్స్' లాంటి మాటలకి ఇక్కడ ఏ అర్థమూ లేదు. ముదురు రంగు చూసి మాల్ట్ వెనిగర్ అనుకోకండి, సింథటిక్‌కి కారమెల్ కలపడానికి నిబంధనల్లోనే అనుమతి ఉంది.

పనికొచ్చే మాట ఇంకోటుంది. సింథటిక్ వెనిగర్ అమ్మేవాళ్లు సీసా మీద స్పష్టంగా 'సింథటిక్ – ప్రిపేర్డ్ ఫ్రమ్ అసిటిక్ యాసిడ్' అని వేయాలని నిబంధన. అంటే అసిటిక్ యాసిడ్ నుంచి తయారుచేసినది అని ఒప్పుకోవాలన్నమాట. మరి ఆ వాక్యం ఎక్కడ పెడతారు? చాలాసార్లు లేబుల్ చుట్టూ తిరిగే మడత దగ్గర, బార్‌కోడ్ పక్కన, లైసెన్స్ నంబర్ కింద, అక్కడా ఇక్కడా దొరుకుతుంది. సీసాని ఒక చుట్టు పూర్తిగా తిప్పి చూడండి. ఆ వాక్యం కనిపిస్తే ఇక వేరే విచారణ అక్కర్లేదు, అది సింథటిక్కే, ముందువైపు పచ్చటి ఆకులు వేసినా సరే, చెరకు గడల బొమ్మ వేసినా సరే.

ఆ వాక్యం కనబడలేదనుకోండి, అప్పుడు ఇంగ్రీడియెంట్స్ దగ్గరికి వెళ్లాలి. అసలు తీర్పు అక్కడే వస్తుంది. సింథటిక్ అయితే జాబితా భలే పొట్టిగా ఉంటుంది: వాటర్, అసిటిక్ యాసిడ్. లేదా వాటర్, అసిడిటీ రెగ్యులేటర్ (ఐఎన్ఎస్ 260). ఈ 260 అన్న నంబరు గుర్తుపెట్టుకోండి, అది అసిటిక్ యాసిడ్‌కి ఆహార సంకలనాల పట్టికలో ఇచ్చిన నంబరు. కొందరు యాసిడ్ అన్న మాట కొనేవాళ్లకి భయంగా ఉంటుందని నంబరు ఒక్కటే రాసి ఊరుకుంటారు. 150 అని మొదలై వెనక ఏ, బి, సి, డి అక్షరం ఉన్న నంబర్లు కారమెల్ రంగువి. కారమెల్ ఒక్కటి చూసి తీర్పు చెప్పకండి, అది బ్రూడ్‌లోనూ కలపొచ్చు. 260 మాత్రం వెనిగర్ సీసా మీద ఉంటే ముడిసరుకు ఏంటో తేలిపోయినట్టే.

బ్రూడ్ అయితే జాబితాలో మొక్క నుంచి వచ్చిన వస్తువు ఏదో ఒకటి పేరుతో సహా కనిపించాలి. చెరకు రసం, మొలాసిస్, బార్లీ మాల్ట్, ఆపిల్ జ్యూస్, ద్రాక్ష, కొబ్బరి నీళ్లు, బియ్యం, ఇలా. లేకపోతే కనీసం 'స్పిరిట్ వెనిగర్', 'ఆపిల్ సిడర్ వెనిగర్' అని తయారైన వెనిగర్ పేరైనా ఉంటుంది. 'నాచురల్లీ ఫర్మెంటెడ్', 'బ్రూడ్' అన్న మాటలు ముందువైపు ఉంటే సంతోషమే కానీ వెనకవైపు జాబితా దానికి సాక్ష్యం చెప్పాలి. ముందు బ్రూడ్ అని, వెనక నీళ్లు, 260 అని ఉంటే ఆ సీసాని అక్కడే పెట్టేసి రండి.

మధ్యరకం ఒకటుంటుంది, జనం ఎక్కువగా బోల్తా పడేది దీని దగ్గరే. ఆపిల్ బొమ్మ, ఆపిల్ పేరు, లేత బంగారు రంగు, ధర కూడా అంతంతమాత్రం. జాబితా చదివితే వాటర్, ఆపిల్ జ్యూస్ కాన్సన్‌ట్రేట్, అసిటిక్ యాసిడ్, ఫ్లేవర్. ఇక్కడ ఆపిల్ ఉంది, నిజమే, కానీ పులుపు ఆపిల్ నుంచి రాలేదు. రసం రుచి కోసం, పులుపు 260 నుంచి. బ్రూడ్ వెనిగర్‌కి విడిగా అసిటిక్ యాసిడ్ కలిపి బలం పెంచకూడదని నిబంధన ఉంది, కాబట్టి పళ్ల పేరూ 260 నంబరూ ఒకే జాబితాలో కనబడితే దాన్ని బ్రూడ్ లెక్కలో వేయొద్దు. పేరులో 'ఫ్లేవర్డ్' అన్న మాట ఎక్కడైనా నక్కి ఉందేమో కూడా చూడండి. నిజమైన ఆపిల్ సిడర్ వెనిగర్ జాబితా దీనికంటే బోసిగా ఉంటుంది, ఆపిల్ జ్యూస్ లేదా ఆపిల్ సిడర్ వెనిగర్, నీళ్లు, మహా అయితే ఒక సల్ఫైట్ ప్రిజర్వేటివ్.

దిగుమతి సీసాలకి ఇంకాస్త వెసులుబాటు ఉంది. అమెరికాలో నీళ్లు కలిపిన అసిటిక్ యాసిడ్‌ని వెనిగర్ అని అమ్మడాన్ని అక్కడి ఎఫ్‌డీఏ ఒప్పుకోదు. బ్రిటన్‌లో అదే సరుకుని 'నాన్ బ్రూడ్ కాండిమెంట్' అన్న పేరుతో అమ్ముతారు, వెనిగర్ అని పిలవరు. అందుకే అమెరికా నుంచి వచ్చిన 'డిస్టిల్డ్ వైట్ వెనిగర్' నీళ్లలా ఉన్నా పులిసిందే అయ్యుంటుంది, ధాన్యం నుంచి తీసిన ఆల్కహాల్‌ని పులియబెట్టింది. అక్కడి లేబుల్ మీద '50 గ్రెయిన్' అని ఉంటే 5 శాతం అని అర్థం, పదితో భాగించుకోండి చాలు.

సరే, శాతం దేనికి పనికిరాదా అంటే, బోలెడు పనికొస్తుంది. కాకపోతే కొలతకి. 4 శాతం అంటే 100 మిల్లీలీటర్లలో 4 గ్రాముల యాసిడ్, 5 శాతం అంటే 5 గ్రాములు. వినడానికి ఒక్క గ్రాము, కానీ ఐదులో ఒక వంతు తక్కువ. నిలవ ఉంచే పదార్థాల దగ్గర ఈ తేడాని తేలిగ్గా తీసుకోకూడదు.

ఒక లెక్క వేసి చూద్దాం. వెనిగర్‌లో పచ్చిమిరపకాయలో ఉల్లిపాయలో ఊరబెట్టే వంటకం ఏదో విదేశీ వీడియోలో చూశారు. ఒక కప్పు వెనిగర్, ఒక కప్పు నీళ్లు అంది. అక్కడివాళ్లు 5 శాతం వెనిగర్‌ని దృష్టిలో పెట్టుకుని చెప్పిన కొలత అది. కప్పు 250 మిల్లీలీటర్లనుకుంటే ఆ వెనిగర్‌లో 12.5 గ్రాముల యాసిడ్ ఉంటుంది, నీళ్లు కలిపాక మొత్తం 500 మిల్లీలీటర్లలో 2.5 శాతం పులుపు. మీ చేతిలో ఉన్నది 4 శాతం సీసా. అదే కొలతలు పాటిస్తే 10 గ్రాములే వస్తుంది, పులుపు 2 శాతానికి పడిపోతుంది. తిరిగి 2.5కి రావాలంటే 12.5 గ్రాములు కావాలి కాబట్టి 4 శాతం వెనిగర్ సుమారు 312 మిల్లీలీటర్లు, నీళ్లు 188 మిల్లీలీటర్లు. అంటే కప్పూ కప్పూ బదులు కప్పుంబావు వెనిగర్, ముప్పావు కప్పు నీళ్లు. మొత్తం అరలీటరే, రుచి కూడా వాళ్లు అనుకున్నట్టే వస్తుంది. సీసా 3.75 శాతానిదైతే 333 మిల్లీలీటర్లు పట్టాలి, మిగతాది నీళ్లు.

వారంలో తినేసి, అంతవరకూ ఫ్రిజ్‌లో పెట్టేవాటికి ఈ లెక్క చాలు. బయట షెల్ఫ్ మీద నెలల తరబడి పెట్టేలా సీసాల్లో మూతలు బిగించి మరిగించే పద్ధతికి మాత్రం నేను 4 శాతాన్ని ముట్టుకోను. ఆ వంటకాల్ని పరీక్షించిందే 5 శాతం వెనిగర్‌తో, మొత్తం పదార్థం పీహెచ్ 4.6కి పైకి వెళ్తే బోటులిజం కలిగించే బ్యాక్టీరియాకి చోటు దొరుకుతుంది, కూరగాయలు తమలోని నీళ్లతో పులుపుని ఇంకా పలచన చేస్తాయి కూడా. ఇక్కడ బ్రూడా సింథటిక్కా అన్నది రెండో ప్రశ్న, శాతం మొదటి ప్రశ్న. సీసా మీద శాతమే లేకపోతే ఈ పనికి అసలు వాడకండి. ఇంట్లో పులియబెట్టుకున్న వెనిగర్ కూడా ఇదే కారణంతో ఈ పనికి వద్దు, ఎంత బాగా పులిసినా దాని బలం మీకు తెలీదు.

కొందరు పీహెచ్ పేపరు ముంచి బలం తెలుసుకోవచ్చనుకుంటారు. కుదరదు. అసిటిక్ యాసిడ్ బలహీనమైన ఆమ్లం, 4 శాతం ద్రావణం పీహెచ్ లెక్కప్రకారం 2.47 దగ్గర వస్తుంది, 5 శాతానిది 2.42 దగ్గర. ఈ తేడాని ఏ రంగు కాగితమూ పట్టుకోలేదు. మీ దగ్గర గ్రాముల్లో తూచే చిన్న కాటా ఉంటే వంటసోడాతో ఓ మోస్తరు అంచనా వేయొచ్చు: 100 మిల్లీలీటర్ల వెనిగర్‌ని గోరువెచ్చగా చేసి పెద్ద గిన్నెలో పోసి సోడా చిటికెడు చిటికెడుగా వేస్తూ కలుపుతూ ఉండాలి, నురగ రావడం ఆగేసరికి 4 శాతానికి 5.6 గ్రాముల సోడా, 5 శాతానికి 7 గ్రాముల సోడా ఖర్చవుతుంది. చివర్లో నురగ ఆగిందో లేదో సరిగ్గా తేలదు కాబట్టి అరగ్రాము అటూఇటూ అనుకోండి. 4 అని రాసి లోపల 2 శాతం ఉంటే మాత్రం ఈ పద్ధతిలోనే తేలిపోతుంది, మూడు గ్రాములు పడేసరికే చల్లారిపోతుంది. ఇది కూడా బలాన్నే చెబుతుంది, పుట్టుకని కాదు.

పుట్టుకకి ఇంట్లో పరీక్ష ఉందా అంటే, సగం పరీక్ష ఉంది. శుభ్రమైన స్టీలు పళ్లెంలో రెండు చెంచాలు పోసి ఎండలోనో చిన్న మంట మీదో ఇగరనివ్వండి (కిటికీ తీసి, ఆ ఆవిరి ముక్కుకి తగలకుండా). పులిసిన మాల్ట్, చెరకు, ఆపిల్ వెనిగర్ అయితే అడుగున పసుపుగానో గోధుమరంగుగానో జిగటగా ఒక పొర మిగులుతుంది. తెల్లటి సింథటిక్ అయితే పళ్లెం దాదాపు ఖాళీ. సగం పరీక్ష అని ఎందుకన్నానంటే, స్పిరిట్ వెనిగర్ పులిసిందే అయినా దాదాపు ఏమీ మిగల్చదు, కారమెల్ కలిపిన సింథటిక్ మాత్రం చక్కగా గోధుమరంగు మరక వదులుతుంది. కాబట్టి ఆపిల్ సిడర్ అని అమ్మిన సీసా పళ్లెంలో ఏమీ మిగల్చకపోతే అనుమానించొచ్చు, అంతకుమించి దీంతో ఏదీ రుజువు చేయలేరు.

వాసనా అంతే. సింథటిక్ మూత తీయగానే ఒకే ఒక్క ఘాటు నేరుగా ముక్కులోకి ఎక్కుతుంది, దాని వెనక ఇంకేమీ ఉండదు. పులిసినదాంట్లో ఆ ఘాటు వెనక పండు వాసనో, మాల్ట్ వాసనో కాస్త ఆగి వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, ఒక్కటే చూసి చెప్పడం కష్టం, ఫ్లేవర్ కలిపితే ఇంకా కష్టం. అడుగున దారాల్లాగా, పల్చటి జెల్లీలాగా తేలేది ఉంటే దాన్ని మదర్ అంటారు, వడకట్టని బ్రూడ్ వెనిగర్‌లో బ్యాక్టీరియా కట్టుకున్న పొర అది. ఉంటే మంచి ఆధారమే. లేనంత మాత్రాన సింథటిక్ అనడానికి లేదు, ఎక్కువమంది వడకట్టి పాశ్చరైజ్ చేసే అమ్ముతారు.

బ్రూడ్ అనగానే చెక్క పీపాల్లో నెలలు నెలలు మాగిందని ఊహించుకోకండి. పెద్ద ఫ్యాక్టరీల్లో ట్యాంకులోకి గాలి బుడగలు పంపుతూ ఒకటి రెండు రోజుల్లోనే ఆల్కహాల్‌ని యాసిడ్ చేసేస్తారు. అదీ బ్రూడే, లేబుల్ అబద్ధం కాదు. కానీ అలా చేసిన తెల్లటి స్పిరిట్ వెనిగర్‌కీ తెల్లటి సింథటిక్‌కీ వంటలో తేడా పట్టడం నాలుక్కి చాలా కష్టం. రుచి కోసమే డబ్బు పెడుతున్నారంటే ముడిసరుకు పేరున్న బ్రూడ్ కొనండి, మాల్ట్, చెరకు, ఆపిల్, ద్రాక్ష ఇలా, ఉత్త తెల్లదానికి ఎక్కువ పెట్టి లాభం లేదు.

ఇప్పుడు ఏది దేనికి అంటే నా పద్ధతి ఇది. పాలు విరగ్గొట్టి పనీర్ చేయడానికి, నూడుల్స్‌లోనో ఫ్రైడ్ రైస్‌లోనో రెండు చెంచాలు వేయడానికి, కెటిల్‌లో పేరుకున్న తెల్లటి ఉప్పు కరిగించడానికి, సింకు తోమడానికి సింథటిక్ 4 శాతం చక్కగా సరిపోతుంది. కెటిల్ అడుగున పేరుకున్న కాల్షియంకి యాసిడ్ ఎక్కడ పుట్టిందో అనవసరం. సలాడ్ మీద పచ్చిగా చల్లేది, చట్నీలో వేసేది, మాంసం నానబెట్టేది అయితే బ్రూడ్, ఎందుకంటే అక్కడ వెనిగర్ రుచి నేరుగా నాలుకకి తగులుతుంది. నీళ్లలో కలుపుకుని తాగే అలవాటున్నవాళ్లకి కూడా బ్రూడే చెబుతాను. అలా తాగితే ఏవేవో జబ్బులు తగ్గుతాయన్న ప్రచారం జోలికి నేను వెళ్లను, కానీ తాగేదేదో బాగా పలచన చేసి తాగండి, నేరుగా తాగితే పళ్ల ఎనామిల్ అరుగుతుంది, అది బ్రూడైనా సింథటికైనా.

10 శాతం, అంతకంటే ఎక్కువ అని ఉన్న సీసాలు కొన్నిచోట్ల 'క్లీనింగ్ వెనిగర్' పేరుతో దొరుకుతాయి. అవి శుభ్రం చేయడానికే, పులుపు ఎక్కువుంది కదా కొంచెమే వేద్దాం అని వంటగదిలోకి తేవద్దు, అవి ఆహార గ్రేడ్ అయి ఉండాలన్న నియమం లేదు.

చవగ్గా వస్తుందని 99 శాతం గ్లేసియల్ అసిటిక్ యాసిడ్ క్యాన్ కొనుక్కొచ్చి ఇంట్లో నీళ్లు కలుపుకుంటామనేవాళ్లు కూడా ఉన్నారు. లెక్కకి సులువే, లీటరుకి 40 మిల్లీలీటర్లు, సుమారు 4 శాతం వచ్చేస్తుంది. కానీ కలిపేటప్పుడు ఒక్క చుక్క చర్మం మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు, మూత విప్పితేనే ఆ ఆవిరికి ఊపిరి ఆడదు, పైగా బయట కెమికల్ షాపుల్లో దొరికేది చాలావరకు పరిశ్రమల గ్రేడ్, అందులో ఏ మలినాలున్నాయో సీసా మీద రాయరు. 16 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది కూడా, చలికాలంలో క్యాన్‌లో సగం గడ్డ సగం నీరుగా ఉన్నప్పుడు కొలిస్తే కొలతా తప్పుతుంది. సింథటిక్కే కావాలనుకుంటే ఎవరో కొలిచి, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు వేసి, 4 శాతం అని రాసి అమ్మిన సీసా కొనుక్కోండి.